‘తగు మోతాదులో త్రాగించవలెను’ అంటే ఎంత?

పిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇంటికి ఇచ్చి పంపే కాగితం ఒకటి ఉంటుంది. దాని భాష ఎక్కడైనా ఇంచుమించు ఇలాగే నడుస్తుంది. నమూనాగా కూర్చిన ఈ నాలుగు వాక్యాలు చూడండి.

“అతిసార వ్యాధికి గురైన శిశువులలో నిర్జలీకరణ సంభవించకుండా నివారించుటకై ఓ.ఆర్.ఎస్. ద్రావణమును తగు మోతాదులో తరచుగా త్రాగించవలెను. తయారుచేయబడిన ద్రావణమును 24 గంటలలోపు మాత్రమే వినియోగించవలెను. జింక్ మాత్రలను 14 దినముల పాటు వాడవలెను. వ్యాధి తీవ్రత పెరిగిన యెడల తక్షణమే సమీప ఆరోగ్య కేంద్రమును సంప్రదించవలసినదిగా కోరడమైనది.”

ఇందులో వైద్యపరంగా తప్పు ఒక్కటీ లేదు. కానీ రాత్రి పదకొండింటికి, ఏడాది పిల్ల నాలుగోసారి బట్టలు పాడుచేసుకున్నప్పుడు, తల్లికి కావాల్సిన జవాబు కూడా ఒక్కటీ లేదు. ప్యాకెట్ ఎన్ని నీళ్లలో కలపాలి? ఒకసారికి ఎంత పట్టాలి? వాంతి చేసుకుంటే ఆపాలా? రేపు పొద్దున బాగుంటే మాత్ర మానేయొచ్చా? తీవ్రత పెరిగిందని ఎలా తెలుస్తుంది?

దీన్ని తేలిక చేయమంటే చాలామంది ముందు మాటల మీద పడతారు. అది సులువైన పని కూడా. ‘అతిసారం’ తీసేసి ‘విరేచనాలు’ పెట్టొచ్చు. పట్నంలో ‘మోషన్స్’ అంటారు, కొన్ని చోట్ల ‘బేదులు’ అంటారు. ఏ జిల్లాకు కాగితం వెళ్తుందో తెలిస్తే అక్కడి మాట, తెలియకపోతే ‘నీళ్ల విరేచనాలు, అంటే మోషన్స్’ అని రెండూ ఒకసారి రాసి, ఆ తర్వాత చివరిదాకా ఒక్కదాన్నే వాడితే సరిపోతుంది. ‘ద్రావణం’ స్కూలు సైన్సు పుస్తకంలో మాట, ఇంట్లో అది ‘ఓఆర్‌ఎస్ నీళ్లు’. ‘నిర్జలీకరణ’కు ‘ఒంట్లో నీరు తగ్గిపోవడం’. ‘శిశువు’కు ‘బిడ్డ’. ‘కాచి చల్లార్చిన నీళ్లు’ మాత్రం అలాగే ఉండాలి. వంటింట్లో రోజూ వినిపించే మాట అది, దాన్ని మార్చబోతే పాడవుతుంది.

‘సంప్రదించండి’ దగ్గర కొంచెం ఆగాలి. టీవీ ప్రకటనల పుణ్యమా అని ఈ మాట అందరికీ తెలిసినట్టే ఉంటుంది. కానీ సంప్రదించడం అంటే ఫోన్ చేయడమా, వెళ్లి అడగడమా, బిడ్డను కూడా తీసుకెళ్లడమా? రాసినవాళ్ల మనసులో ఉన్నది మూడోది. అలాంటప్పుడు ‘బిడ్డను తీసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి’ అని రాస్తే తీరిపోతుంది. తెలిసిన మాటా, పని చేయించే మాటా ఒకటి కావాల్సిన అవసరం లేదు.

మాటలన్నీ మార్చాక కూడా ‘తగు మోతాదు’ అక్కడే కూర్చుని ఉంటుంది. ‘సరిపడా’ అని రాసినా అంతే. ఇది కష్టమైన మాట కాదు, ఖాళీ మాట. ఇలాంటి ఖాళీని తల్లి తనకు తోచినదానితో నింపుకుంటుంది. ఆ తోచిన కొలతే ప్రమాదం తెస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది. అది లీటరు నీళ్లకు సరిపోయేలా లెక్క కట్టింది. అలా కలిపితే లీటరులో సోడియం 75 యూనిట్లు ఉంటుంది, వైద్యులు దీన్ని మిల్లీ ఈక్వివలెంట్లు అంటారు. మన రక్తంలో అదే సోడియం 135 నుంచి 145 దాకా ఉంటుంది. ఇప్పుడు ఆ ప్యాకెట్ మొత్తాన్ని ఒక గ్లాసు నీళ్లలో, అంటే 200 మిల్లీలీటర్లలో కలిపారనుకోండి. చిక్కదనం ఐదింతలై సోడియం 375కు చేరుతుంది, రక్తంలో ఉన్నదానికి రెండింతలకు పైనే. నీరు పోతున్న బిడ్డకు ఉప్పు ఎక్కించినట్టే. దాహం పెరుగుతుంది, చిరాకు పడుతుంది, ఇంకా ముదిరితే ఫిట్స్ కూడా రావచ్చు. మందు పనిచేయడం లేదనుకుని ఇంట్లోవాళ్లు అదే గ్లాసు మళ్లీ పట్టిస్తారు.

ఇంకో పొరపాటు పొదుపు వల్ల వస్తుంది. లీటరు కలిపితే వృథా అవుతుందని పెద్ద ప్యాకెట్‌లోంచి ఒక్కో స్పూను తీసి ఒక్కో గ్లాసులో వేస్తారు. ప్యాకెట్‌లో ఉప్పూ గ్లూకోజూ సమంగా కలిసి ఉంటాయన్న హామీ లేదు. ఒక స్పూనులో ఉప్పు ఎక్కువ పడొచ్చు, ఇంకోదాంట్లో తక్కువ పడొచ్చు. పైగా బజారులో 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్న ప్యాకెట్లూ ఉన్నాయి. చిన్నదాన్ని లీటరులో కలిపితే రుచే తప్ప పని ఉండదు. అందుకే కాగితంలో ‘ప్యాకెట్’ అన్న మాట ఒంటరిగా ఉండకూడదు. ఆ ఆసుపత్రి ఏ ప్యాకెట్ ఇస్తోందో దాని గురించే రాయాలి. ‘ఈ పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి వేయండి. లీటరు నీళ్లలో కలపండి. లీటరు అంటే పెద్ద వాటర్ బాటిల్ నిండా నీళ్లు.’

‘ఓఆర్‌ఎస్’ అన్న పేరు కూడా అనుకున్నంత భద్రమైన మాట కాదు. మెడికల్ షాపులో ఆ మూడక్షరాలు పేరులో పెట్టుకున్న తీపి పానీయాల డబ్బాలు ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. వాటిలో చక్కెర ఎక్కువ, ఉప్పు తక్కువ. విరేచనాలున్న బిడ్డకు అవి పట్టిస్తే పేగులోకి ఇంకా నీరు లాగుతాయి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద చాలా కాలం పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో, అసలు ఫార్ములా కాని పానీయాల పేర్లలో ‘ఓఆర్‌ఎస్’ వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. కాగితం రాసేవాళ్లకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటుంది. ‘ఓఆర్‌ఎస్ పట్టండి’ అన్నది రెండు మాటల వాక్యం, అందరికీ తెలిసిన పేరు, అయినా చదివినవాళ్లు ఎంతో నమ్మకంగా తప్పు డబ్బా కొనుక్కొచ్చేవాళ్లు. ‘నీళ్లలో కలుపుకునే పొడి ప్యాకెట్. డబ్బాలో వచ్చే జ్యూస్ లాంటిది కాదు’ అని ఇంకో రెండు వాక్యాలు పెరిగితే కాగితం పొడుగవుతుంది. పొడుగవనివ్వాలి.

ఇక వాక్యాల సంగతి. ఇంగ్లీషులో చదివే కష్టాన్ని అంకెల్లో కొలవడానికి ఒక సూత్రం బాగా వాడుకలో ఉంది. ఫ్లెష్-కిన్‌కేడ్ అంటారు. 1975లో అమెరికా నౌకాదళం మాన్యువళ్ల కోసం తయారైంది. వాక్యానికి సగటున ఎన్ని మాటలు, మాటకు సగటున ఎన్ని పలుకులు, అంటే సిలబుల్స్, అని చూసి, ఎన్నో తరగతి చదివినవాళ్లకు అది అర్థమవుతుందో చెబుతుంది. రోగులకిచ్చే కాగితాలు ఆరో తరగతి స్థాయిలో ఉండాలన్న సలహా అమెరికా నుంచి వచ్చిందే, అక్కడ దాన్ని ఇలాంటి సూత్రాలతోనే లెక్క చూస్తారు.

```
0.39 × (words / sentences) + 11.8 × (syllables / words) − 15.59
```

దీన్ని తెలుగు మీద పెట్టి చూద్దాం. ‘బిడ్డకు నీళ్లు తాగించండి.’ మూడు మాటలు. పలుకులు 3, 2, 4, మొత్తం తొమ్మిది, మాటకు సగటున మూడు. లెక్క వేస్తే 1.17, దానికి 35.4 కలిపి 15.59 తీసేయాలి. దగ్గర దగ్గర 21 వస్తుంది. అంటే ఏ అమ్మమ్మైనా అనగలిగే ఈ మాట అర్థం కావడానికి ఇరవై ఒకటో తరగతి చదవాలన్నమాట, పీహెచ్‌డీ కూడా చాలదేమో! తెలుగులో విభక్తులు, క్రియా ప్రత్యయాలు మాటకే అతుక్కుంటాయి కాబట్టి మాట పొడుగు మీద కష్టం తేలదు. ‘తాగించండి’లో నాలుగు పలుకులున్నా ఇబ్బంది లేదు. ‘యెడల’లో మూడే ఉన్నా అది ఇబ్బందే. కంప్యూటర్‌లో ఇచ్చే ఇలాంటి స్కోరును తెలుగు కాగితానికి సర్టిఫికెట్‌గా వాడుకోవడంలో అర్థం లేదు.

మరి దేన్ని లెక్కపెట్టాలి? తెలుగులో లెక్కపెట్టదగ్గది పనుల సంఖ్య. ‘చేతులు కడుక్కుని, లీటరు నీళ్లు కాచి, చల్లార్చి, ప్యాకెట్ చింపి మొత్తం పోసి, బాగా కలిపి, మూత పెట్టి ఉంచండి.’ ఇది మనం మాట్లాడుకునే తీరే, వింటే హాయిగా ఉంటుంది. కాగితం మీద మాత్రం ఏడు పనులు ఒకే వాక్యంలో ఉన్నాయి. అక్షరాలు కూడబలుక్కుని చదివేవాళ్లు నాలుగో పనికి వచ్చేసరికి మొదటిదాన్ని వదిలేస్తారు. వాక్యానికి ఒక పని, ఎక్కువలో ఎక్కువ రెండు, అన్న పద్ధతి బాగా నడుస్తుంది. ‘నీళ్లు కాచి చల్లార్చండి’ని విడగొట్టడం అనవసరం, ఆ రెండు పనులు తెలుగువాళ్ల బుర్రలో ఒకటిగానే ఉన్నాయి.

అన్ని చోట్లా కత్తిరిస్తే వచ్చే నష్టమూ ఉంది. జింక్ మాత్రల దగ్గర అది బాగా తెలుస్తుంది. ఆర్నెల్లు దాటిన బిడ్డకు రోజుకు ఒక మాత్ర, అంటే 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల మధ్య అయితే అర మాత్ర, 14 రోజులు వేయాలి. విరేచనాలు సాధారణంగా అంతకన్నా చాలా ముందే తగ్గిపోతాయి. తగ్గగానే మాత్ర మానేయడం ఇళ్లలో మామూలే. దీన్ని ఆపడానికి రాసే వాక్యం సాధారణంగా ఇలా ఉంటుంది: ‘విరేచనాలు ఆగినా మాత్రలు ఆపకండి.’ నాలుగు మాటలు, అన్నీ వాడుకవే. కానీ అర్థమంతా ‘ఆగినా’లోని ఒక్క దీర్ఘం మీద వేలాడుతోంది. నెమ్మదిగా చదివేవాళ్ల కంటికి అది ‘ఆగిన’ కావచ్చు, ‘ఆగితే’ కావచ్చు. అలాగని ‘విరేచనాలు ఆగుతాయి. మాత్రలు ఆపకండి’ అని రెండుగా నరికితే, ఆ రెంటికీ ఉన్న సంబంధమే తెగిపోతుంది. ఎందుకు ఆపకూడదన్న సందేహం అలాగే మిగులుతుంది.

ఇక్కడ కాస్త పొడుగ్గా రాయడమే తేలిక. ‘విరేచనాలు మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోవచ్చు. అయినా సరే, 14 రోజులూ మాత్ర వేయండి. అలా వేస్తే మళ్లీ విరేచనాలు పట్టుకునే అవకాశం తగ్గుతుంది.’ ‘అయినా సరే’ విడిగా నిలబడింది కాబట్టి ఎవరూ దాన్ని దాటి పోలేరు. ‘ఇవ్వకుండా ఉండవద్దు’ లాంటి రెండు ‘కాదు’ల వాక్యాలకూ ఇదే మందు. ‘తల్లిపాలు ఇవ్వకుండా ఉండవద్దు’ కన్నా ‘తల్లిపాలు ఇస్తూనే ఉండండి’ మేలు. ‘రాదు’తో ముగిసే ‘ఇవ్వరాదు, వాడరాదు’ కూడా మాట్లాడేటప్పుడు వినపడవు, ‘ఇవ్వకండి’ అంటే సరిపోతుంది.

అంకెల దగ్గర ఇంకో రకం బోల్తా ఉంది. అమెరికాలో 395 మంది రోగులకు మందు సీసాల మీది లేబుళ్లు చూపించి అడిగిన పరిశోధన ఒకటి 2006లో అచ్చయింది. ‘రోజుకు రెండుసార్లు రెండేసి మాత్రలు’ అన్న సూచనను, చదువు తక్కువగా ఉన్నవాళ్లలో 71 శాతం మంది సరిగ్గా చదివి చెప్పారు. మరి రోజంతా వేసుకోవాల్సినవి ఎన్నో లెక్కపెట్టి తీసి చూపించమంటే, సరిగ్గా నాలుగు తీసినవాళ్లు 35 శాతమే. చదవడం ఒక పని, దాన్ని చేతల్లోకి మార్చుకోవడం ఇంకో పని. ‘పొద్దున 2, రాత్రి 2’ అని రాస్తే ఆ మార్చుకునే పని కాగితమే చేసిపెడుతుంది. మన దగ్గర చీటీల మీద రాసే 1-0-1 కూడా చెప్పించుకున్నవాళ్లకు సులువే తప్ప, చెప్పించుకోనివాళ్లకు కాదు.

తెలుగు కాగితాల్లో దీనికి తోడు ‘భోజనం తర్వాత’ ఉంది. భోజనం అంటే చాలా ఇళ్లలో అన్నం. పొద్దున ఇడ్లీ తిన్నాయన భోజనం చేయలేదు, టిఫిన్ చేశాడు. మాట ప్రకారం పోతే పొద్దున మాత్ర వేసుకోవాల్సిన అవసరం ఆయనకు కనిపించదు. ‘పొద్దున టిఫిన్ తిన్నాక ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి’ అని రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ‘పరగడుపున’ మాత్రం మంచి మాట, అందరికీ ఒకేలా అర్థమవుతుంది.

మళ్లీ ఓఆర్‌ఎస్‌కు వస్తే, ఒకసారికి ఎంత పట్టాలన్నదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలున్నాయి. రెండేళ్లలోపు బిడ్డకు విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, రెండేళ్లు దాటితే 100 నుంచి 200. ‘50–100 మి.లీ.’ అని అచ్చేస్తే ఇంట్లో దాన్ని ఎలా చదువుతారో ఊహించుకోవాలి. ఎందుకంటే కాగితం చేతికొచ్చిన మనిషీ చదివే మనిషీ చాలాసార్లు వేరు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల అక్షరాస్యత 59 శాతం. నాయనమ్మ ముందు కూర్చుని ఏడో తరగతి పిల్ల గట్టిగా చదివితే, నాయనమ్మ విని చేస్తుంది. ఆ పిల్ల నోటికి ‘మి.లీ.’ అడ్డం, మధ్యలోని గీత ఇంకా అడ్డం. ‘పావు గ్లాసు నుంచి అర గ్లాసు’ అయితే చదివే నోటికీ వినే చెవికీ సాఫీగా వెళ్తుంది. 200 మిల్లీలీటర్ల గ్లాసుకు ఆ లెక్క సరిగ్గా కుదురుతుంది కూడా.

24 గంటల నియమం దగ్గర కొంచెం బేరం ఆడక తప్పదు. కలిపిన నీళ్లు ఒక రోజుకు మించి ఉంటే అందులో క్రిములు పెరుగుతాయి. ‘24 గంటలలోపు’ కచ్చితమైన మాట, కానీ ఎన్నింటికి కలిపారో గుర్తుపెట్టుకుని లెక్క వేయాలి. ‘ఈ రోజు కలిపినవి ఈ రోజుకే. రేపు పొద్దున కొత్తగా కలపండి’ అంటే లెక్క అక్కర్లేదు. రాత్రి కలిపినవాళ్లు పొద్దున అనవసరంగా పారబోస్తారు, ఒక ప్యాకెట్ నష్టం. ఆసుపత్రి ప్యాకెట్లు ధారాళంగా ఇస్తే రెండోదే మంచిది. ఒక్క ప్యాకెట్ ఇచ్చి పంపే చోట ‘రేపు ఇదే వేళ దాకా వాడొచ్చు’ అని రాయాలి. భాషను తేలిక చేసేటప్పుడు కచ్చితత్వం కొంత వదులుకోవాల్సి వస్తే, వదిలేది బిడ్డకు హాని లేని వైపు ఉండాలి. దీన్ని భాష తెలిసినవాళ్లు ఒక్కరే తేల్చలేరు, పక్కన డాక్టరో నర్సో ఉండాలి.

ఇవన్నీ కలిపి ఆ మొదటి కాగితాన్ని తిరగరాస్తే ఇలా వస్తుంది.

“మీ బిడ్డకు నీళ్ల విరేచనాలు, అంటే మోషన్స్, అవుతున్నాయి. ఒంట్లో నీరు తగ్గకుండా ఓఆర్‌ఎస్ నీళ్లు పట్టాలి.

ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. లీటరు నీళ్లు కాచి చల్లార్చండి. లీటరు అంటే పెద్ద వాటర్ బాటిల్ నిండా. మేమిచ్చిన పొడి ప్యాకెట్ మొత్తం అందులో ఒకేసారి వేసి కలపండి. చక్కెర, ఉప్పు, పాలు ఏమీ కలపకండి.

విరేచనం అయిన ప్రతిసారీ పట్టండి. రెండేళ్లలోపు బిడ్డకు పావు గ్లాసు నుంచి అర గ్లాసు. రెండేళ్లు దాటితే అర గ్లాసు నుంచి గ్లాసు నిండా. స్పూనుతో కొంచెం కొంచెంగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగండి. మళ్లీ మెల్లగా పట్టండి.

ఈ రోజు కలిపినవి ఈ రోజుకే. రేపు పొద్దున కొత్తగా కలపండి.

తల్లిపాలు ఇస్తూనే ఉండండి. అన్నం తినే బిడ్డకు అన్నం పెట్టండి.

జింక్ మాత్ర రోజుకు ఒకటి. ఆర్నెల్లలోపు బిడ్డకు అర మాత్ర. స్పూనులో కొంచెం నీళ్లు గానీ తల్లిపాలు గానీ పోసి, మాత్ర కరిగించి పట్టండి. విరేచనాలు మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోవచ్చు. అయినా సరే, 14 రోజులూ వేయండి.

బిడ్డ తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కేస్తున్నా, మత్తుగా పడి ఉన్నా, కళ్లు లోపలికి పోయినా, విరేచనంలో రక్తం పడినా, జ్వరం వచ్చినా ఇంట్లో చూస్తూ ఉండకండి. బిడ్డను తీసుకుని వెంటనే ఆసుపత్రికి రండి. రెండు నెలల లోపు బిడ్డ అయితే విరేచనాలు మొదలవగానే రండి.”

మొదటిదానికన్నా ఇది మూడింతలు ఉంది. ‘నిర్జలీకరణ’, ‘తగు మోతాదు’ లాంటి మాటలు, ‘కోరడమైనది’ లాంటి మర్యాదలు పోయాయి. వాటి చోటు కొలతలు తీసుకున్నాయి. ప్రమాద లక్షణాల వాక్యం మాత్రం ఇంకా పొడుగే, అందులో ‘నా’ల దీర్ఘాలు ఆరున్నాయి. అచ్చు వేసేటప్పుడు ఒక్కో లక్షణాన్ని ఒక్కో వరుసలో, పక్కన బొమ్మతో పెట్టడం దానికి విరుగుడు.

ఇది పనిచేస్తుందో లేదో రాసినవాళ్లకు తెలియదు. ‘అర్థమైందా అమ్మా?’ అని అడిగితే ‘ఆ, అర్థమైంది సార్’ అనే వస్తుంది, తెల్లకోటు ముందు ఇంకేం వస్తుంది? అందుకని ప్రశ్న తిప్పి వేయాలి. ‘ఇంటికెళ్లాక మీ అత్తయ్యకు ఎలా చెప్తారో నాకు చెప్పండమ్మా’ అనాలి. ఇంకా మంచిది, ప్యాకెట్, బాటిల్, గ్లాసు ముందు పెట్టి కలపమనడం. ఐదారుగురు తల్లులూ నాయనమ్మలూ చేసి చూపిస్తే కాగితంలో ఎక్కడ చిల్లు ఉందో బయటపడుతుంది. ఇద్దరు ఒకే చోట ఆగితే తప్పు వాళ్లది కాదు, వాక్యానిది.

అలా చూసేటప్పుడు ఈ కాగితంలో ముందుగా అనుమానించాల్సింది ‘గ్లాసు’నే. ఇంటి స్టీలు గ్లాసు ఒక్కోచోట 300 మిల్లీలీటర్లు పడుతుంది, టీ గ్లాసు వందే పడుతుంది. ప్యాకెట్‌తో పాటు పావు దగ్గరా అర దగ్గరా గీతలు పెట్టిన ప్లాస్టిక్ గ్లాసు ఒకటి ఇవ్వగలిగితే, ‘గ్లాసు’ అన్నచోట ‘మేమిచ్చిన గ్లాసు’ అని మారిస్తే చాలు.